అమ్మ పేరులో ఒక్క అక్షరం

"నేను బతికే ఉన్నాగా, పింఛను ఎందుకు ఆపారురా?" అంది అమ్మ. పింఛను పత్రం, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి చూపించాను. తెలుగులో రెండూ లక్ష్మే. ఇంగ్లీషులో ఒకచోట LAKSHMI, ఇంకోచోట LAXMI.

"మనకు ఒకటే పేరమ్మా, కంప్యూటరుకు ఇద్దరు మనుషులు."

నవంబరులో వేలిముద్ర వేసి ఇచ్చిన జీవన్ ప్రమాణ్‌ను అందుకే తిరస్కరించారు. నంబరు రాగానే పని అయిపోయిందనుకున్నాం. ఆమోదం వచ్చిందో లేదో తర్వాత చూసుకోవాల్సింది.

ముందు బ్యాంకులో కాగితం మీదే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాం. దాంతో బకాయిలతో సహా పింఛను వచ్చింది. తర్వాత పింఛను పత్రాన్నే రుజువుగా చూపి, ఆధార్ కేంద్రంలో పేరు దిద్దించాం. ఆధార్‌లో పేరు మార్పుకు మామూలుగా రెండే అవకాశాలు. దరఖాస్తు మీద ప్రతి అక్షరం చదివాకే సంతకం పెట్టించండి.