హాలు నిండినా నష్టమెందుకు? సెమినార్ టికెట్‌కు మూడు ధరలు పెట్టే లెక్క

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల లాంటి ఊళ్లలో ఇంటర్ పిల్లల కోసం టికెట్ పెట్టి ఒక రోజు సెమినార్ జరపాలంటే నిర్వాహకులకు మొదట ఎదురయ్యే చిక్కు ధర. ఒకే ధర పెడితే అందరూ చివరి రోజు దాకా ఆగుతారు. అప్పటిదాకా హాలుకు అడ్వాన్స్ ఎవరు కట్టాలి, ఎంతమందికి వండించాలి అన్నది తేలదు. అందుకే చాలామంది మూడు ధరలు పెడతారు. ముందుగా కొనేవారికి తక్కువ (అర్లీ బర్డ్), మామూలు ధర (రెగ్యులర్), చివర్లో వచ్చేవారికి ఎక్కువ (లేట్).

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. రైల్వేలో 1997లో వచ్చిన తత్కాల్ అలాంటిదే. చివరి నిమిషంలో ప్రయాణం పడినవారు అదనంగా కట్టి సీటు తీసుకుంటారు. 2016 సెప్టెంబర్‌లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ఫేర్ పెట్టారు. ప్రతి 10 శాతం సీట్లు అమ్ముడైనప్పుడల్లా ధర 10 శాతం పెరుగుతూ పోయేది. తత్కాల్ ధర తేదీని బట్టి మారితే, ఫ్లెక్సీ ఫేర్ అమ్ముడైన సీట్లను బట్టి మారింది. సెమినార్‌కు ఈ రెండూ కలిపి వాడాలి. ఎందుకో లెక్క చూస్తే అర్థమవుతుంది.

ముందు ఖర్చు, తర్వాతే ధర

ఉదాహరణకు జమ్మలమడుగులో ఒక షాదీఖానాలో మే చివరి ఆదివారం సెమినార్ అనుకుందాం. హాలులో 150 మంది పడతారు. హాలు అద్దె 10 వేలు, మైకు, ప్రొజెక్టర్ 6 వేలు, వక్తల ప్రయాణం, బస, గౌరవ వేతనం 14 వేలు, ఫ్లెక్సీలు, ఆటో ప్రచారం 4 వేలు, చిల్లర ఖర్చులు 2 వేలు. మొత్తం 36 వేలు. పదిమంది వచ్చినా, వందమంది వచ్చినా ఈ ఖర్చు మారదు. ఇది కాకుండా ఒక్కొక్కరికి భోజనం 130, టీ 20, ఫైలు, నోట్సు 30. అంటే తలకు 180 రూపాయలు.

హాలులో 150 మంది పడతారని 150తో భాగించకూడదు. కచ్చితంగా వస్తారని నమ్మకమున్న సంఖ్యతోనే భాగించాలి. ఇక్కడ 100 అనుకుందాం. 36 వేలను వందతో భాగిస్తే 360. దానికి 180 కలిపితే 540. ఒక్కో టికెట్ మీద సగటున 540 రూపాయలు చేతికి రావాలి.

‘సగటున’ అన్న మాట దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. రెగ్యులర్ ధర 540 పెట్టి, అందులోంచి వంద తగ్గించి అర్లీ బర్డ్ ఇస్తే సగటు పడిపోతుంది. రెగ్యులర్ ధర సగటు కంటే పైన ఉండాలి. ఈ లెక్కలో అర్లీ 450, రెగ్యులర్ 600, లేట్ 700 సరిపోతాయి. 40 మంది అర్లీ, 45 మంది రెగ్యులర్, 15 మంది లేట్ కొంటే 18,000, 27,000, 10,500 కలిపి 55,500 వస్తుంది. వందమందికి మొత్తం ఖర్చు 54 వేలు. 1,500 మిగులుతుంది.

పరిమితి లేకపోతే ఏమవుతుంది?

అదే ధరలు, అదే వందమంది. కానీ అర్లీ టికెట్లు ఎన్ని అనేది చెప్పలేదు, తేదీ మాత్రమే చెప్పారు. మంచి స్పందన వచ్చి 75 మంది అర్లీలోనే కొన్నారు. 20 మంది రెగ్యులర్, ఐదుగురు లేట్. వచ్చింది 33,750, 12,000, 3,500 కలిపి 49,250 మాత్రమే. అనుకున్న వందమందీ వచ్చినా 4,750 నష్టం. అందుకే ‘మే 10 వరకు లేదా మొదటి 40 టికెట్లు, ఏది ముందైతే అది’ అని ఫ్లెక్సీ మీదే రాయాలి.

ఆ తేదీ ఎంపికలోనూ ఆలోచన ఉంది. నెలాఖరున అర్లీ ముగిస్తే జీతం రాని ఇళ్లు, కువైట్, సౌదీ నుంచి డబ్బు కోసం చూసే ఇళ్లు కొనలేవు. ఏప్రిల్ చివరి వారంలో అమ్మకం మొదలుపెట్టి మే 10 వరకు ఉంచితే ఒక జీతం మధ్యలో పడుతుంది.

అర్లీ టికెట్ల వల్ల నిర్వాహకులకు రెండు లాభాలు. 40 టికెట్ల మీద వచ్చే 18 వేలు అడ్వాన్సులకు పనికొస్తాయి. రెండోది, మే 10 నాటికి 20 టికెట్లు కూడా పోకపోతే వందమంది రావడం కష్టమని ముందే తెలుస్తుంది. అప్పుడు చిన్న హాలుకు మారడానికి, తేదీ జరపడానికి ఇంకా సమయం ఉంటుంది.

లేట్ ధర జరిమానా కాదు

లేట్ ధర ఎప్పుడు మొదలవ్వాలో వంటవారిని బట్టి తేలుతుంది. ఎంతమందికి వండాలో వారికి రెండు మూడు రోజుల ముందు చెప్పాలి. కాబట్టి ఆదివారం సెమినార్‌కు బుధవారం రాత్రితో రెగ్యులర్ ముగించి, గురువారం నుంచి లేట్ పెట్టాలి. రెగ్యులర్‌కూ లేట్‌కూ 20 రూపాయలే తేడా ఉంటే ఎవరూ తొందరపడరు. మూడు వందలుంటే గేటు దగ్గర గొడవలవుతాయి. ఈ లెక్కకు వంద రూపాయలు చాలు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ చివర్లో ధర తగ్గించడం. శుక్రవారానికి కుర్చీలు మిగిలాయని 300కే ఇస్తే, ముందుగా 450 కట్టినవారు మోసపోయామనుకుంటారు. మరుసటి ఏడాది ఎవరూ ముందు కొనరు. మిగిలిన కుర్చీలకు భోజనం ఖర్చు లేదు కాబట్టి వాటిని ఖాళీగా వదిలినా నష్టం తక్కువే. జనం ఎప్పుడూ తక్కువే ఉండే చోట ధరల మెట్లు పనిచేయవు. రైల్వే కూడా 2018లో సీట్లు నిండని కొన్ని రైళ్లలో ఫ్లెక్సీ ఫేర్ తీసేసింది.

పేరు రాయించడం కొనడం కాదు

మన ఊళ్లలో వచ్చే తగాదా ఇంకోటుంది. ‘భాయ్, నా పేరు రాసుకోండి, తర్వాత ఇస్తా’ అని ఫోన్‌లో చెప్పినవారు ఇరవై రోజుల తర్వాత వచ్చి 450కే అడుగుతారు. బంధువు కాబట్టి కాదనలేరు. దీనికి ఒకటే దారి. డబ్బు అందిన రోజు ధరే వర్తిస్తుందని మొదటే రాసి పెట్టాలి. ఫోన్‌పే చేస్తే తేదీ, సమయం అందులోనే కనిపిస్తాయి. నగదైతే అప్పటికప్పుడు నంబరున్న టికెట్ ఇచ్చి, రిజిస్టర్‌లో తేదీ, మొత్తం రాయాలి. మూడు ధరలకు మూడు రంగుల టికెట్లు కొడితే లెక్క చూడటం సులువు. రాలేనివారికి డబ్బు వాపసు ఇస్తారా, టికెట్ వేరొకరికి ఇవ్వవచ్చా అన్నదీ టికెట్ వెనకే ఉండాలి.

చేతిలో డబ్బు లేనివారి సంగతి

ముందు కొంటే తక్కువ అంటే, ముందే డబ్బు చేతిలో ఉన్నవారికి తక్కువ అని అర్థం. రోజు కూలి మీద బతికే ఇంటివారు, బండ్ల మీద అమ్ముకునేవారు చివరి వారంలోనే డబ్బు సర్దుకోగలరు. వారి పిల్లలే 700 కట్టాల్సి వస్తుంది. దీనికి లేట్ ధర తగ్గించడం పరిష్కారం కాదు, సగటు దెబ్బతింటుంది. తేదీతో సంబంధం లేని కొన్ని సీట్లను మొదటి రోజు నుంచే పక్కన పెట్టాలి. పది సీట్లకు 540 చొప్పున 5,400 రూపాయలు ఊళ్లో ఇద్దరు ముగ్గురు దాతలు పంచుకుంటే సరిపోతుంది. ఆ పిల్లలకూ అందరికిచ్చే రంగు టికెట్టే ఇస్తే, గేటు దగ్గర ఎవరిది దాత సీటో ఎవరికీ తెలియదు.