పీరియడ్స్ ముందు మలబద్ధకం, వెంటనే మోషన్స్: తప్పు మిర్చి బజ్జీదేనా?

ఈ ఎపిసోడ్ కోదాడ నుంచి రోజూ బస్సులో సూర్యాపేట కాలేజీకి వెళ్లే ఒక చెల్లి గురించి. ప్రతి నెలా తనకి ఒకటే కథ. పీరియడ్స్‌కి వారం ముందు నుంచి ఆకలి ఆగదు, కడుపు ఉబ్బరం, రెండు మూడు రోజులు మోషన్ రాదు. చివరికి మెడికల్ షాపులో విరేచనాల టాబ్లెట్ తెచ్చుకుని రాత్రి వేసుకుంటుంది. తెల్లారితే నాలుగైదు మోషన్స్, బస్సెక్కే పరిస్థితి ఉండదు. "నిన్న బస్టాండ్‌లో తిన్న బజ్జీ వల్లే" అనుకుంటుంది. మరుసటి రోజు పీరియడ్ వస్తుంది.

లోపల ఏం జరుగుతుందో చూద్దాం. 28 రోజుల సైకిల్ అనుకుంటే, దాదాపు 14వ రోజున అండం విడుదలవుతుంది. దానికి కొంచెం ముందు ఎస్ట్రోజన్ బాగా ఎక్కువగా ఉంటుంది. అది ఆకలిని కొంత అదుపులో పెడుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. అప్పుడు ఆ అదుపు తగ్గి, ఆకలి పెరుగుతుంది. కాబట్టి రాత్రి అన్నం తిన్నాక కూడా స్వీట్ కావాలనిపిస్తే అది మీ క్రమశిక్షణ లోపం కాదు.

ప్రొజెస్టిరాన్ ఇంకో పని చేస్తుంది. గర్భసంచి కండరాన్ని వదులుగా ఉంచుతుంది. పేగుల గోడల్లో ఉండేది కూడా అలాంటి కండరమే కదా, అదీ మెల్లగా కదులుతుంది. మలం పేగులో ఎక్కువసేపు ఉండి, నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది.

గర్భం రాకపోతే పీరియడ్ దగ్గరపడే కొద్దీ ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. గర్భసంచి పొర ప్రోస్టాగ్లాండిన్స్ అనే రసాయనాలను తయారు చేస్తుంది. గర్భసంచి బిగుసుకుని పొరను బయటకు నెట్టేది వీటి వల్లే, ఆ నొప్పీ వీటి వల్లే. అవి పేగుల మీద కూడా పనిచేస్తే మోషన్స్ పలచగా అవుతాయి.

ఇప్పుడు ఆ చెల్లి టాబ్లెట్ వేసుకున్న రోజు చూడండి, 27. పేగులు ఎలాగూ వేగం పుంజుకునే టైమ్‌లో, మందు కూడా తోడైంది. బజ్జీ మీద కోపం అనవసరం.

మరి ఏం చేయాలి? 20వ రోజు నుంచే నీళ్లు, తోటకూర, జామకాయ పెంచండి. ఆకలికి ఉడికించిన శనగలు పెట్టుకోండి. చివరి రెండు రోజుల్లో విరేచనాల టాబ్లెట్ జోలికి వెళ్లకండి. మోషన్స్ మొదలైతే కాఫీ, కారం తగ్గించండి.

ఇది అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి అసలు తేడానే తెలియదు. అందుకే మూడు నెలలు ఫోన్‌లో తేదీలు రాసుకోండి. పీరియడ్‌తో పాటే వచ్చి, అది అయిపోయాక సర్దుకుంటే హార్మోన్ల పనే కావచ్చు. తేదీలతో సంబంధం లేకుండా వస్తున్నా, మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే మోషన్స్ ఉన్నా, మలవిసర్జనప్పుడు భరించలేని నొప్పి వచ్చినా డాక్టర్‌కి చూపించండి. ఆ తేదీల లిస్ట్ కూడా చూపిస్తే డాక్టర్‌కి పని సులువవుతుంది.