రెక్కల మధ్య ముడి

సాయంత్రం నాలుగయ్యేసరికి వీపు మీద, కుడి రెక్క ఎముక లోపలి అంచున ఒకచోట పట్టేస్తుంది. ఇంట్లో ఎవరినైనా నొక్కమంటే వేలికి బిగిసిన తాడులాంటిది తగులుతుంది. దాని మీద శనగగింజంత చోట నొక్కితే 'అబ్బా' అనిపిస్తుంది, నొప్పి భుజం దాకా పాకుతుంది. గ్యాస్ అని కొందరు, నరం పట్టిందని కొందరు అంటారు. చాలామందిలో అది రాంబాయిడ్ అనే కండరంలోనో, దానిపై పరుచుకున్న ట్రెపీజియస్ కండరంలోనో పుట్టిన నొప్పి.

ఇలాంటి చోట్లకు ట్రిగర్ పాయింట్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినావిడ జానెట్ ట్రావెల్. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ వెన్నునొప్పికి వైద్యం చేసిన డాక్టరు. డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఆమె వెలువరించిన గ్రంథాన్ని ఫిజియోథెరపిస్టులు ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఈ సిద్ధాంతం ప్రకారం నరం కొసన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అవసరానికి మించి ఊరి, కొన్ని కండర పోగులు ముడుచుకుపోతాయి. ఆ బిగువుకు సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం తగ్గుతుంది. కండరం ముడుచుకోవడానికే కాదు, వదులవడానికీ శక్తి కావాలి. అది అందక ముడి అలాగే ఉండిపోతుంది. వినడానికి బాగానే ఉంది కానీ ఇదింకా పూర్తిగా రుజువు కాలేదు. ఒకే వీపును ఇద్దరు నిపుణులు తడిమి చూస్తే, ముడి ఎక్కడుందో చెప్పడంలోనే తేడాలొస్తాయి. నొప్పి మాత్రం నిజం.

కుర్చీలో కదలకుండా చేసే పనికి ఇదెందుకు వస్తుంది? అకౌంట్స్ పనిచేసే ఒకావిడను ఊహించుకోండి. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, దాని పక్కన లెడ్జరు, ఆ అవతల మౌస్. తెర కిందికి ఉంది కాబట్టి మెడ వంగుతుంది. మౌస్ దూరంగా ఉంది కాబట్టి కుడి చెయ్యి చాచే ఉంటుంది, రెక్క ఎముక వెన్ను నుంచి పక్కకు జరుగుతుంది. ఆ ఎముకను వెన్నుకు కట్టి ఉంచే రాంబాయిడ్, సాగిన స్థితిలోనే గంటల తరబడి చేతి బరువు మోస్తుంది. బరువు కొంచెమే. కానీ చిన్న పనికి మన శరీరం ఎప్పుడూ అవే కొన్ని పోగులను ముందు పిలుస్తుంది, చివరిదాకా వాటిని వదలదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. వీపు పట్టేసిందనగానే రెండు చేతులూ ముందుకు చాచి, వీపు గుండ్రంగా వంచి సాగదీస్తారు. క్షణకాలం హాయిగానే ఉంటుంది కానీ, పొద్దంతా సాగి ఉన్న కండరాన్నే మళ్లీ సాగదీయడం అది. వదులు చేయాల్సింది ఛాతీ ముందు భాగాన్ని. గుమ్మంలో నిలబడి, మోచేతిని భుజం ఎత్తులో ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి ముప్ఫై సెకన్లు ఆగండి. ఛాతీలో లాగినట్టు తెలియాలి, భుజం కీలులో నొప్పి మాత్రం రాకూడదు. రెండో వైపూ అంతే.

ముడిని నొక్కడానికి టెన్నిస్ బంతి చాలు. గోడకూ వీపుకూ మధ్య, వెన్నుపూసల మీద పడకుండా బంతిని పెట్టండి. నొప్పి ఉన్న వైపు చేతిని ఎదుటి భుజం మీద వేసుకుంటే రెక్క ఎముక పక్కకు తప్పుకొని కండరం దొరుకుతుంది. ఓర్చుకోగలిగినంతే ఒరిగి, అర నిమిషం నుంచి నిమిషం ఆగండి. ఊపిరి బిగపట్టాల్సి వస్తోందంటే ఎక్కువ నొక్కుతున్నట్టే. పిల్లల చేత వీపు తొక్కించుకునే పాత వైద్యం కన్నా ఇది నయం: ఎంత నొక్కాలో మన చేతిలో ఉంటుంది.

బంతి ఇచ్చే ఉపశమనం ఆ పూటకే. కండరానికి బలం రావాలి. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి ఉన్నవాళ్లతో రబ్బరు బ్యాండు లాగే వ్యాయామం పది వారాలు చేయించి 2011లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు రెండు నిమిషాలు చేసినవాళ్లకూ, పన్నెండు నిమిషాలు చేసినవాళ్లకూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది.

ఇక ఆ టేబుల్ సంగతి. ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టి తెర పైఅంచును కంటి ఎత్తుకు తెచ్చి, కీబోర్డు విడిగా కొనుక్కోవాలి. లెడ్జరును ఎడమకు జరిపితే మౌస్ దగ్గరికొస్తుంది, మోచెయ్యి ఒంటికి ఆనుతుంది. అలాగని నిటారుగా బిగుసుకుపోయి కూర్చోనక్కర్లేదు. ఎంత మంచి భంగిమైనా గంటసేపు కదలకపోతే నొప్పే. అరగంటకోసారి లేవడమే మేలు.

మెడలోని డిస్కు దెబ్బతిన్నా నొప్పి సరిగ్గా ఈ చోటే తెలియవచ్చు. చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం, మెడ తిప్పితే నొప్పి చేతిలోకి దిగడం ఉంటే బంతి పక్కన పెట్టి ఎముకల డాక్టరుకు చూపించండి. రెక్కల మధ్య నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం వీపు తడుముకుంటూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.