రాత్రి బ్యాకప్‌లో నిన్నటి ఓచర్ ఉందా?

ఆటో విడిభాగాలు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణం ఉందనుకుందాం. తెనాలిలో కావచ్చు, ఖమ్మంలో కావచ్చు. లోపల గదిలో ఒకటే కంప్యూటర్. టాలీ లెక్కలు, బిల్లుల స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పార్టీల బాకీల ఎక్సెల్ షీట్లు అన్నీ D:\Accounts అనే ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. మొత్తం 14 జీబీ. పక్కనే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి ఉంటుంది. కంప్యూటర్‌లో దాని పేరు E డ్రైవ్. రోజూ రాత్రి 8:30కు విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ ఈ ఒక్క వరుసను నడుపుతుంది:

```
robocopy D:\Accounts E:\Backup\Accounts /E /R:2 /W:5 /LOG:D:\Logs\backup.log
```

రోబోకాపీ విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. మొదటి రాత్రి ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేస్తుంది. ఆ తర్వాత నుంచి కొత్తగా వచ్చినవీ మారినవీ మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. సమయం 8:30 అని పెట్టడానికి కారణం ఉంది. మన ఊళ్లలో దుకాణం కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్తారు. అర్ధరాత్రికి పెట్టిన బ్యాకప్ ఆపేసిన కంప్యూటర్‌లో నడవదు.

ఇంతవరకూ ఏర్పాటు బాగానే ఉంది. జూన్‌లో టాలీ కొత్త వెర్షన్ వేయడానికి మెకానిక్ వచ్చాడు. డేటాను C:\Users\Public\TallyPrime\data లోకి మార్చి, పాతది కూడా ఉంటే మంచిదని D:\Accounts లో అలాగే వదిలేశాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గుమాస్తా మర్నాటి నుంచి కొత్తచోట ఓచర్లు రాస్తున్నాడు. రోబోకాపీ మాత్రం చెప్పిన పనే చేస్తోంది, రోజూ రాత్రి D:\Accounts ను చూస్తోంది. అక్కడి టాలీ ఫోల్డర్‌లో ఏదీ మారలేదు కాబట్టి దాంట్లోంచి ఏమీ తీసుకోవడం లేదు. స్కాన్లు, ఎక్సెల్ షీట్లు పాతచోటే చేరుతున్నాయి కనుక అవి కాపీ అవుతున్నాయి. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. నవంబర్‌లో C డ్రైవ్ ఉన్న డిస్క్ చెడిపోయిన రోజున బ్యాకప్ తెరిస్తే, టాలీలో చివరి ఓచర్ జూన్‌ది.

అయిదు నెలల లెక్కల్లో ఏది తిరిగి వస్తుంది? జీఎస్టీ పోర్టల్‌లో వేసిన జీఎస్టీఆర్-1లో రిజిస్టర్డ్ వ్యాపారులకు అమ్మినవి బిల్లుల వారీగా ఉంటాయి. కొనుగోళ్లలో చాలా వరకు జీఎస్టీఆర్-2బీలో దొరుకుతాయి. బ్యాంకు లావాదేవీలకు స్టేట్‌మెంట్ ఉంది. కానీ చిల్లర అమ్మకాలు రిటర్నులో మొత్తాలుగా మాత్రమే ఉంటాయి. నగదు పుస్తకం, స్టాకు, ఎవరు ఏ బిల్లు మీద ఎంత జమ చేశారన్నది ఏ పోర్టల్‌లోనూ ఉండదు. బాకీ విషయంలో పార్టీతో మాట తేడా వస్తే చూపించడానికి కాగితం ఉండదు.

ఈ అయిదు నెలల్లో ఎప్పుడు, ఎక్కడ చూసి ఉంటే తెలిసేది?

చాలామంది చూసేది టాస్క్ షెడ్యూలర్‌లో Last Run Result అనే గడి. అక్కడ 0x0 అని, పని సజావుగా పూర్తయిందని కనిపిస్తే తృప్తిపడి మూసేస్తారు. ఆ గడి చెప్పేది ఒక్కటే, ప్రోగ్రాం మొదలై ముగిసిందని, ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చిందని. రోబోకాపీ విషయంలో ఆ అంకెను మామూలుగా చదవకూడదు. 0 అంటే తప్పేమీ జరగలేదు, కానీ కాపీ చేయడానికి ఏమీ దొరకలేదు అని. 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయి అని. 8, ఆపైన వస్తే కొన్నో అన్నో కాపీ కాలేదని అర్థం. కాబట్టి రోజంతా బిల్లులు కొట్టిన దుకాణంలో రాత్రికి రావలసింది 0x1. అక్కడ 0x0 కనబడితేనే ఆగి చూడాలి. ఇది తెలియక 0x1ను లోపం అనుకుని కంగారుపడినవాళ్లూ ఉన్నారు, 0x0 చూసి నెలలపాటు నిశ్చింతగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మన కథలో స్కాన్లు రోజూ చేరుతున్నాయి కాబట్టి వచ్చింది 0x1. అంటే ఈ గడిని సరిగ్గా చదివినా తప్పు దొరికేది కాదు.

తర్వాత చూడాల్సింది లాగ్ ఫైలు. పొడుగ్గా ఉంటుంది కానీ చివరి పట్టిక చాలు.

```
           Total  Copied  Skipped  Mismatch  FAILED  Extras
Files :    18412      63    18349         0       0       0
```

ఇది మామూలు రోజు. 18,412 ఫైళ్లున్నాయి, 63 మారాయి, మిగిలినవి ముందే కాపీ అయి ఉన్నాయి. FAILED కింద సున్నా తప్ప ఇంకేది వచ్చినా లాగ్‌లో పైకి వెళ్లి చూడాలి. చాలాసార్లు కనబడేది ERROR 32, అంటే ఆ ఫైలును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉంది. సాయంత్రం టాలీ మూయకుండా వెళ్లిపోతే ఇలా జరగవచ్చు. అప్పుడు కాపీ కాకుండా పోయేది సరిగ్గా ఆ రోజు లెక్కలే. కాబట్టి బ్యాకప్ వేళకు టాలీ మూసి ఉండాలి. పై కమాండ్‌లో /R:2 /W:5 పెట్టింది కూడా ఇందుకే. తెరుచుకోని ఫైలు దగ్గర అయిదు సెకన్ల చొప్పున ఆగి రెండుసార్లు మళ్లీ ప్రయత్నించి ముందుకు వెళ్లమని దానర్థం. ఆ రెండూ రాయకపోతే రోబోకాపీ తనంతట తాను 30 సెకన్లకు ఒకసారి చొప్పున పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే 347 రోజులు. ఒక్క ఫైలు దగ్గర ఆగిపోయిన బ్యాకప్, బయటి నుంచి చూసేవారికి ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

మన దుకాణంలో ఈ పట్టికను రోజూ గమనించేవారుంటే జూన్ తర్వాత Copied అంకె అరవై నుంచి పదికో పన్నెండుకో పడిపోవడం కనబడేది. అదొక ఆచూకీ. ఎందుకు పడిపోయిందన్నది మాత్రం పట్టిక చెప్పదు.

మూడో చోటు బ్యాకప్ డిస్క్ లోపల. పవర్‌షెల్ తెరిచి ఈ వరుస ఇస్తే టాలీ ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్తవైన అయిదు ఫైళ్లు వస్తాయి. మీ డిస్క్‌లో ఆ ఫోల్డర్ పేరు ఏదో అది రాసుకోవాలి.

```
Get-ChildItem E:\Backup\Accounts\Tally -Recurse -File |
 Sort-Object LastWriteTime -Descending |
 Select-Object -First 5
```

రోబోకాపీ ఫైలుతో పాటు దాని తేదీని కూడా మార్చకుండా తీసుకెళ్తుంది. కాబట్టి ఇక్కడ కనబడేది కాపీ చేసిన తేదీ కాదు, అందులో చివరిసారి పని జరిగిన తేదీ. ఈరోజు పొద్దున చూస్తే నిన్నటి తేదీ ఉండాలి. మన దుకాణంలో జూన్ తేదీ కనబడేది, విషయం అక్కడే బయటపడేది. ఫైళ్ల సైజు కూడా ఇక్కడే చూడవచ్చు. పెన్‌డ్రైవ్‌లో రోజూ టాలీ బ్యాకప్ తీసుకుంటున్నామని నమ్మిన ఆఫీసుల్లో తెరిచి చూస్తే 2 కేబీ ఫైలు ఒకటి ఉండటం కద్దు. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను డేటా అనుకుని కాపీ చేస్తున్నారన్నమాట. టాలీ బొమ్మ కనబడుతుంది, లోపల లెక్కలు ఉండవు.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు దాచే చోటికి వెళ్లి చూస్తే అది ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2ది. రెంటికీ పొత్తు కుదరక బ్యాకప్ ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లనేమో మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. ఇంకో పని కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు ఉండబట్టి గట్టెక్కారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ ఈమెయిళ్ల సంగతి. తప్పు జరిగితే కబురు వస్తుందని ఎదురుచూడటం తనిఖీ కాదు. కబురు తెచ్చే దారి కూడా మూసుకుపోవచ్చు.

అందుకే చివరి తనిఖీని మనిషే చేయాలి. బ్యాకప్‌ను తెరిచి, నిన్న సాయంత్రం రాసిన ఓచర్‌ను కళ్లతో చూడాలి. కొందరు డేటా ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, రోజూ అందులో తేదీ రాసి, మర్నాడు అది బ్యాకప్‌లోకి వచ్చిందో లేదో చూస్తారు. డిస్క్ ఊడిపోయిందో, బ్యాకప్ నడవలేదో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ మన దుకాణంలో ఆ ఫైలు కూడా పాత ఫోల్డర్‌లోనే ఉండేది, రోజూ చక్కగా కాపీ అయ్యేది. ఓచర్ అలా కాదు. గుమాస్తా నిజంగా పనిచేసే చోటే అది ఉంటుంది.

చేసే పద్ధతి ఇది. బ్యాకప్‌లోని టాలీ ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ఇంట్లోని ల్యాప్‌టాప్ అయినా చాలు. లైసెన్సు లేకపోయినా టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది, కంపెనీని చూడటానికి అది సరిపోతుంది. ఇంకో కంప్యూటర్ లేకపోతే ఇదే కంప్యూటర్‌లో D:\Test లాంటి కొత్త ఫోల్డర్ తయారుచేసుకోండి. అసలు డేటా ఉన్న ఫోల్డర్‌లోకి మాత్రం బ్యాకప్‌ను దించవద్దు. పాత కాపీ వచ్చి ఈరోజు లెక్కల మీద కూర్చుంటుంది, పరీక్షే ప్రమాదమవుతుంది. టాలీకి ఆ కొత్త ఫోల్డర్ దారి చూపించి కంపెనీని తెరవండి. డే బుక్‌లో చివరి ఓచర్ నంబరు, తేదీ చూడండి. ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాన్ని, ముందు రోజు రాత్రి మూసేటప్పుడు కాగితం మీద రాసుకున్న మొత్తంతో సరిచూడండి. వాటితో పాటు రెండు స్కాన్లు, ఒక ఎక్సెల్ షీటు కూడా తెరవండి. అంతా అరగంట పని. నెలకొకసారి చాలు, కొత్త వెర్షన్ వేసినా, కంప్యూటర్ మార్చినా, డిస్క్ మార్చినా మర్నాడే చేయాలి.

ఇంకొక పరిమితి ఉంది. పై కమాండ్ ఒకే కాపీని ఉంచుతుంది, పాతదాని మీద కొత్తది రాస్తుంది. ఈరోజు ఒక ఫైలు పాడైతే రాత్రికి బ్యాకప్‌లోనూ పాడైనదే ఉంటుంది. /E బదులు /MIR రాసేవారికి ఇంకో ముప్పు. అది బ్యాకప్‌ను అసలు ఫోల్డర్‌కు అచ్చం అద్దంలా ఉంచుతుంది, అక్కడ లేనివాటిని ఇక్కడ చెరిపేస్తుంది. అసలు ఫోల్డర్ ఖాళీ అయిన రాత్రి బ్యాకప్ కూడా ఖాళీ. ఒక టెరాబైట్ డిస్క్ ఉన్నవారికి 14 జీబీ చొప్పున వారంలో ఏడు రోజులకు ఏడు ఫోల్డర్లు పెట్టుకున్నా వంద జీబీ దాటదు. రెండు డిస్కులు కొని వారానికొకటి మార్చుతూ, వాడని దాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఇంకా మేలు. జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం. అందువల్ల మార్చి ముగిశాక తీసిన కాపీని ఈ తిప్పుడులో కలపకుండా విడిగా ఉంచాలి.

ఇక మన దుకాణం సంగతి. జూన్‌లోనే పట్టుకుని ఉంటే చేయాల్సింది రెండు పనులు. టాలీ కొత్తచోటుకు ఇంకో రోబోకాపీ వరుస, దానికి వేరే లాగ్ ఫైలు. తర్వాత D:\Accounts లోని పాత టాలీ ఫోల్డర్‌ను అక్కడి నుంచి తీసి, ‘పాతది జూన్’ అని పేరు పెట్టి వేరే చోట ఉంచాలి. వాడని డేటా వాడేచోట అదే పేరుతో ఉంటేనే ఇలాంటి పొరపాటు నెలల తరబడి దాగుతుంది. అది అక్కడ లేకపోతే బ్యాకప్‌లో ఉన్న పాత టాలీ ఫోల్డర్ ఆ రాత్రి నుంచే లాగ్ పట్టికలో Extras కింద లెక్కకు వస్తుంది. సున్నా ఉండే చోట ఇంకో అంకె కనిపిస్తే, ఎంత పనిలో ఉన్నవాళ్లయినా ఇదేమిటని అడుగుతారు.