వెతికేవాళ్ల మాటే వీడియో పేరు

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించింది. రెగ్యులేటర్ ఐదులో పెట్టినా గాలి రావడం లేదు. ఆ ఇంటి మనిషి ఫోన్ తీసి యూట్యూబ్‌లో ఏమని వెతుకుతారు? ‘ఫ్యాన్ స్లోగా తిరుగుతోంది’ అని. ‘ఈఈఈ ఫైనల్ ఇయర్ మినీ ప్రాజెక్ట్’ అని మాత్రం ఎవరూ వెతకరు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో, తన క్లాసువాళ్లనూ కొందరు జూనియర్లనూ కూర్చోబెట్టి, ఓ ఫైనల్ ఇయర్ అమ్మాయి ఇరవై నిమిషాల పాటు చెప్పిన మాటల సారం ఇదే. వీడియోలు తీసే ప్రతి ఒక్కరికీ అవి పనికొస్తాయి.

ఆ విద్యార్థులు ఫ్యాన్ కెపాసిటర్ మార్చే పద్ధతి మీద ఒక వీడియో తీశారు. ఇంకా పబ్లిక్ చేయలేదు. పెట్టాలనుకున్న టైటిల్‌ను ఆమె తెర మీద చూపించింది:

```
EEE Final Year Mini Project | Ceiling Fan Capacitor Replacement Demo
```

“ఫోన్లో టైటిల్ రెండు వరుసలకు మించి కనపడదు. మిగిలింది చుక్కల్లోకి పోతుంది. మనం ఆ మొదటి వరుసంతా మన గురించే రాసుకున్నాం. ఫ్యాన్ తిరగనివాళ్లకు మన బ్రాంచితో ఏం పని?” అని అడిగింది. కాలేజీ పేరు, టీమ్ పేరు తీసేయక్కర్లేదని, వాటి చోటు డిస్క్రిప్షన్ చివర అని చెప్పింది.

తర్వాత అందరితోనూ ఒక చిన్న పని చేయించింది. ఇంటికి ఫోన్ చేసి, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే ఏం పాడైందంటారో అమ్మనో నాన్ననో అడగమంది. చాలామందికి ఒకటే జవాబు వచ్చింది: “కండెన్సర్ పోయుంటుంది.” పాఠ్యపుస్తకంలో అది కెపాసిటర్. ఎలక్ట్రికల్ షాపులో, మెకానిక్ నోట్లో కండెన్సర్. వస్తువు ఒకటే కానీ వెతికే పెట్టెలో పడే మాట రెండోది. అందుకే టైటిల్ రాసే ముందు ఆ సమస్య ఉన్న మనిషిని అడగాలని ఆమె గట్టిగా చెప్పింది.

అడిగే వీలు లేనప్పుడు యూట్యూబ్ సెర్చ్ పెట్టే కొంత చెబుతుంది. ‘fan slow’ అని టైపు చేసి ఆగితే, జనం వెతుకుతున్న వాక్యాలు కింద వరసగా వస్తాయి. మన ఫోన్లో మన పాత అలవాట్లు కూడా ఆ సూచనల్లో కలుస్తాయి కాబట్టి ఇన్‌కాగ్నిటో విండోలో చూడటం మేలు.

ఇక్కడే తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. మనలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. అందులోనూ ఒక పద్ధతి లేదు. ఒకరు `tirugutundi` అంటే ఇంకొకరు `thiruguthundhi` అంటారు. మైకు నొక్కి తెలుగులో మాట్లాడేవాళ్ల మాట తెలుగు లిపిలో పడుతుంది. అన్ని రూపాలనూ టైటిల్లో కుక్కడం కుదరదు. ఆమె చూపిన దారి ఇది: సమస్యను తెలుగు లిపిలో ముందు రాయాలి. వస్తువుకు అందరూ ఒకేలా రాసే ఇంగ్లిష్ పేరుంటే దాన్ని చివర చేర్చాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు రూపం ఒకటి, డిస్క్రిప్షన్‌లో మామూలు వాక్యంగా రావాలి. అలా తేలిన కొత్త టైటిల్:

```
ఫ్యాన్ స్లోగా తిరుగుతోందా? కండెన్సర్ ఇలా మార్చండి | Ceiling Fan Capacitor
```

యూట్యూబ్ టైటిల్‌కు 100 క్యారెక్టర్ల హద్దు ఉంది. తెలుగులో రాస్తే ఆ హద్దు మనం అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది. ‘ఫ్యాన్’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ మాత్రం ఫ, దాని కింది హల్లు గుర్తు, య, దీర్ఘం, న, పొల్లు అని విడివిడిగా ఆరు లెక్కపెడుతుంది. ఖాళీలూ లెక్కలోకే వస్తాయి. పై టైటిల్ మొత్తం 73. అంటే ఇంకో నాలుగైదు తెలుగు మాటలకే చోటుంది. ఆ చోటును నింపాల్సిన పనిలేదని ఆమె చెప్పింది. రెండు వరుసల్లో ఇమిడేదే చాలు.

ఆ సమయంలో వెనక వరసలోంచి ఒక జూనియర్ లేచాడు. “అక్కా, ‘ఈ ఒక్క ట్రిక్‌తో ఏ ఫ్యాన్ అయినా రయ్‌మంటుంది’ అని పెడితే ఎక్కువమంది నొక్కుతారు కదా?”

“నొక్కుతారు తమ్ముడూ. కానీ వాళ్లలో బేరింగ్ పట్టేసిన ఫ్యాన్ ఉన్నవాళ్లుంటారు. వోల్టేజీ తక్కువున్న ఊరివాళ్లుంటారు. కండెన్సర్ మారిస్తే వాళ్ల ఫ్యాన్ బాగుపడదు. డబ్బు పెట్టి కొని, స్టూలెక్కి మార్చి, ఫలితం లేకపోతే మనల్ని ఏమనుకుంటారు?”

టైటిల్ ఇచ్చిన మాటను వీడియో నిలబెట్టాలి. ఇది నీతి మాత్రమే అయితే కొందరు పట్టించుకోకపోవచ్చు. లెక్కల్లోనూ అది బయటపడుతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఇంప్రెషన్స్ అంటే మన వీడియో థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు జనం కళ్ల ముందుకు వచ్చిందో చెప్పే అంకె. అందులో ఎన్నిసార్లు నొక్కారన్నది క్లిక్ త్రూ రేట్. వెయ్యిసార్లు కనపడితే ముప్ఫైసార్లు నొక్కారంటే 3 శాతం. సగం చానళ్లకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. దీని పక్కనే చూడాల్సింది ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారన్న గీత. నొక్కిన శాతం బాగుండి, మొదటి ముప్ఫై సెకన్లలోనే గీత జారిపోతే, టైటిల్ చెప్పింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అని అనుమానించాలి. గీత నిలకడగా ఉండి నొక్కేవాళ్లే తక్కువైతే, సరుకు మంచిదే, పేరో థంబ్‌నెయిలో కుదరలేదని అర్థం.

ఆ అంకెను చూసి వెంటనే కంగారు పడకూడదని కూడా ఆమె హెచ్చరించింది. మొదట్లో వీడియో మనల్ని తెలిసినవాళ్లకే ఎక్కువగా కనపడుతుంది, నొక్కే శాతం బాగుంటుంది. తర్వాత కొత్తవాళ్లకు చేరేకొద్దీ అది తగ్గడం మామూలే. టైటిల్ మార్చదలిస్తే టైటిల్ ఒక్కటే మార్చి కొన్నాళ్లు ఆగాలి. థంబ్‌నెయిల్ కూడా అదే రోజు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తేల్చుకోలేం.

డిస్క్రిప్షన్ దగ్గరికి వచ్చేసరికి హాల్లో చాలామంది తలలు దించుకున్నారు. దాదాపు అందరి వీడియోల కిందా ఒకటే రాత: మా చానల్‌కు స్వాగతం, లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి. డిస్క్రిప్షన్‌కు 5,000 క్యారెక్టర్ల చోటున్నా, విప్పి చూడకముందు కనపడేవి మొదటి ఒకటి రెండు వరుసలే. వీడియో ఎవరికి, ఏం తేలుస్తుంది అన్నది అక్కడ ఉండాలి. బోర్డు మీద ఆమె రాసినవి ఇవి:

```
రెగ్యులేటర్ ఫుల్‌లో ఉన్నా ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే
కండెన్సర్ బలహీనపడి ఉండొచ్చు. ముందు అదేనా అని తేల్చుకుని,
తర్వాత మార్చే పద్ధతి ఈ వీడియోలో ఉంది.
```

ఆ తర్వాత కావాల్సిన వస్తువులు: టెస్టర్, స్క్రూడ్రైవర్, ఇన్సులేషన్ టేపు, పాతదాని మీద ఏ విలువ రాసుందో అదే విలువ ఉన్న కొత్త కండెన్సర్. మన ఇళ్ల సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా కనపడేది 2.5 µF. అయినా ఆ అంకెను చూసి గుడ్డిగా కొనొద్దని, పాతదాని మీద చదవమని రాయించింది. గోడ స్విచ్ ఒక్కటే కాకుండా ఎంసీబీ కూడా ఆపమనే హెచ్చరిక విడి వరుసగా పెట్టించింది. వీడియోను మధ్యలోంచి చూసేవాళ్లు ఆ మాట వినకపోవచ్చు, అందుకే అది రాతలో కూడా ఉండి తీరాలని ఆమె పట్టుబట్టింది. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

చివరగా చాప్టర్లు. డిస్క్రిప్షన్‌లో సమయాలు వరసగా రాస్తే, వీడియో కింది గీత ముక్కలుగా విడిపోయి ఒక్కో ముక్కకు పేరు వస్తుంది. దానికి మూడు నియమాలు. మొదటి సమయం `00:00` కావాలి. కనీసం మూడు సమయాలు పెరిగే వరసలో ఉండాలి. ఏ ముక్కా పది సెకన్లకు తగ్గకూడదు. ఒకబ్బాయి తన వీడియోలో చాప్టర్లు రావడం లేదన్నాడు. తెరిచి చూస్తే `0.45` అని చుక్క పెట్టాడు. కోలన్ పెట్టాలి. పైగా మొదటి సమయం సున్నా కాదు. రెండూ దిద్దగానే గీత మీద ముక్కలు కనపడ్డాయి.

ఒక క్లాస్‌మేట్ అడిగింది, “మరి ట్యాగులు ఎన్ని పెట్టాలో నువ్వు చెప్పనేలేదు?” వీడియోను చేర్చడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే అంటోందని ఆమె జవాబిచ్చింది. `condensor` లాంటి తప్పు స్పెల్లింగులకు అవి పనికొస్తాయి. అవే మాటలను గుట్టగా డిస్క్రిప్షన్‌లో పోయడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. వీడియోను తీసేయవచ్చు కూడా. హ్యాష్‌ట్యాగులు 60 దాటితే ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోదు.

ఇంతా అయ్యాక, ఫ్యాన్ వీడియోకు చాప్టర్లు రాద్దామని ఆమె బోర్డు మీద వరస వేసింది:

```
00:00 తప్పు కండెన్సర్‌దా, బేరింగ్‌దా?
00:50 కరెంటు ఆపి, టెస్టర్‌తో చూసుకోవడం
01:40 పాతదాని మీద విలువ చదవడం
02:35 పాతది విప్పి కొత్తది బిగించడం
05:10 ఫ్యాన్ వేసి చూడటం
```

మొదటి వరుస దగ్గర వీడియో తీసిన టీమ్ ముఖాలు చూసుకుంది. ఆ ముక్క వాళ్లు తీయనే లేదు. కరెంటు ఆపి రెక్కను చేత్తో తిప్పితే, తేలిగ్గా తిరిగే ఫ్యాన్‌కు కండెన్సర్‌ను అనుమానించాలి, బిగుసుకుని ఆగిపోయే ఫ్యాన్‌కు బేరింగ్‌ను. ఆ పరీక్ష ఉండాల్సిన చోట వాళ్ల వీడియోలో కాలేజీ లోగో, టీమ్ పరిచయం ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోలో ముక్క కోసేయవచ్చు కానీ కొత్త దృశ్యం చేర్చలేం. మళ్లీ అప్‌లోడ్ చేస్తే లింకు మారుతుంది, చూసినవారి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఇంకా పబ్లిక్ చేయలేదు కాబట్టి సరిపోయింది. పరిచయం తీసేసి ఆ పరీక్షను తీసి పెట్టాలని అక్కడికక్కడే నిర్ణయించారు.

అందుకే ఆమె చెప్పిన ఆఖరి సూచన కెమెరా ముట్టుకోకముందు చేయాల్సింది: టైటిల్, డిస్క్రిప్షన్ మొదటి రెండు వరుసలు, చాప్టర్ల పేర్లు కాగితం మీద రాసి, ఒక్కో చాప్టర్‌కు ఎదురుగా ఏ దృశ్యం తీయాలో రాసుకోవాలి. ఎదురుగా ఖాళీ ఉన్న వరుసే మనం తీయడం మర్చిపోబోతున్న దృశ్యం.