ఒకే చంద్రుడు, మూడు లెక్కలు

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పబ్లిక్ పరీక్షల కాలపట్టికలో సాంఘిక శాస్త్రం పరీక్ష మొదట మార్చి 31న ఉంది. రంజాన్ పండుగ ఆ రోజునే రావడంతో అది ఏప్రిల్ 1కి మారింది. పిల్లల నుంచి మాకు తరచూ వచ్చే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దీపావళి, ఈస్టర్ తేదీలు ఏడాది ముందే క్యాలెండర్లో ఖాయంగా అచ్చవుతాయి కదా, ఈద్ పక్కన మాత్రం "నెలవంక దర్శనాన్ని బట్టి" అని ఎందుకు రాస్తారు? ఈ మూడు పండుగలూ చంద్రుణ్ణి బట్టే వచ్చేటప్పుడు తేదీలు ఇంత వేర్వేరుగా ఎందుకు నడుస్తాయి?

దీనికి జవాబు చెప్పే ముందు మేము పిల్లల చేత తీసివేత లెక్కలు చేయిస్తాం. మన దేశంలో ఈదుల్ ఫితర్ 2022లో మే 3న, 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరిగింది. ప్రతిసారీ సరిగ్గా 11 రోజులు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత దీపావళి తేదీలు రాయిస్తాం. 2022లో అక్టోబరు 24, 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20. ఇక్కడ చివరి రెండు అడుగులూ 12, 11 రోజుల చొప్పున వెనక్కే పడ్డాయి. 2022 నుంచి 2023కి మాత్రం పండుగ 19 రోజులు ముందుకు దూకింది. పిల్లల వేలు ఎప్పుడూ ఆ దూకుడు దగ్గరే ఆగుతుంది. పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అమావాస్య నుంచి అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులకు కాస్త ఎక్కువ పడుతుంది. చంద్రుడు భూమిని చుట్టి రావడానికి పట్టేది 27 రోజుల పైచిలుకే. కానీ ఆ లోపల భూమి కూడా సూర్యుని చుట్టూ కొంత దూరం జరిగిపోతుంది. చంద్రుడు మళ్ళీ సూర్యుడి వైపుకు రావాలంటే ఇంకో రెండు రోజులు నడవాలి. అలాంటి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులవుతాయి. రుతువులను నడిపే సూర్యుడి ఏడాదికి 365 రోజులు. తేడా 11 రోజులు. ఏ జాతి వారు చంద్రుణ్ణి చూసి నెలలు లెక్కపెట్టినా ఈ 11 రోజులను ఏం చేయాలో తేల్చుకోక తప్పదు.

ఇస్లామీ పంచాంగం ఆ 11 రోజుల జోలికే పోదు. అరబ్బులలో పూర్వం నెలలను ముందుకూ వెనక్కూ జరిపే "నసీ" అనే ఆచారం ఉండేది. ఖుర్ఆన్‌లోని తౌబా సూరా దాన్ని నిషేధించి, నెలలు పన్నెండేనని చెప్పింది. అందువల్ల హిజ్రీ ఏడాది సూర్యుడితో సర్దుబాటు లేకుండా సాగిపోతుంది. రంజాన్ ఒకసారి ఎండల్లో వస్తే కొన్నేళ్ళకు వానల్లో, మరికొన్నేళ్ళకు చలిలో వస్తుంది. దాదాపు 33 ఏళ్ళకు మొత్తం చుట్టు పూర్తవుతుంది. 2000 సంవత్సరంలో జనవరిలో ఒక ఈదుల్ ఫితర్, డిసెంబరులో మరొకటి వచ్చిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మళ్ళీ 2033లో అలాగే రెండు రావాల్సి ఉంది.

ఇక నెల మొదలును తేల్చేది కన్ను. నెలకు 29 రోజులుండాలి, లేదా 30 ఉండాలి. ఇరవై తొమ్మిదో రోజు సూర్యాస్తమయం తర్వాత పడమట నెలవంక కనిపిస్తే మర్నాడు కొత్త నెల. మబ్బు పట్టినా, కనిపించకపోయినా ముప్పై పూర్తి చేస్తారు. అమావాస్య ఘడియను ఖగోళ శాస్త్రజ్ఞులు నిమిషంతో సహా ముందే చెప్పగలరు. అయితే అమావాస్య ముగిసిన గంటా రెండు గంటలకు చంద్రుడు ఎవరి కంటికీ ఆనడు. పద్దెనిమిది, పంతొమ్మిది గంటల వయసు అయ్యేసరికి కొన్నిచోట్ల చూడగలరు, కొన్నిచోట్ల చూడలేరు. ఇరవై నాలుగు గంటలు దాటితే, ఆకాశం తేటగా ఉంటే సాధారణంగా కనిపిస్తాడు. 2024లో జరిగింది ఇదే. ఏప్రిల్ 9 సాయంత్రానికి చంద్రుడికి పద్దెనిమిదిన్నర గంటలు. కేరళలో నెలవంక కనబడిందని ప్రకటించి పదో తేదీన పండుగ చేసుకున్నారు. మన హైదరాబాదులో కనబడలేదు. ముప్పై రోజాలు పూర్తి చేసి పదకొండున చేసుకున్నాం. దీన్ని చూసి "మనవాళ్ళలో ఐకమత్యం లేదు" అని విసుక్కునే వారున్నారు. ఆ విసుగు అనవసరమని మా అభిప్రాయం. ఆ సాయంత్రపు చంద్రుడే సరిహద్దు మీద ఉన్నాడు.

ఇప్పుడు దీపావళి దూకుడు సంగతి. తెలుగు పంచాంగంలో చైత్రం, వైశాఖం మొదలైనవి కూడా చాంద్రమాన మాసాలే. అమావాస్యతో నెల ముగుస్తుంది. ఆశ్వయుజ బహుళ అమావాస్య దీపావళి. అది ఎప్పుడూ శరత్కాలంలోనే రావాలి గనుక, ఏటా పోతున్న 11 రోజులను పంచాంగం పోగు చేసి, నెల నిండగానే ఒక అధిక మాసంగా తిరిగి చేరుస్తుంది. సుమారు 32, 33 నెలలకు ఒకసారి అది వస్తుంది. ఎవరో కూర్చుని "ఈ ఏడు చేరుద్దాం" అని అనుకునేది కాదు. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారడాన్ని సంక్రాంతి అంటారు. మామూలుగా ప్రతి చాంద్రమాన మాసంలోనూ ఒక సంక్రాంతి పడుతుంది. సంక్రాంతి లేని మాసం వస్తే అదే అధిక మాసం.

2023లో ఏమైందో చూడండి. జులై 17 తెల్లవారుజామున కర్కాటక సంక్రాంతి అయిపోయింది. ఆ రాత్రి పన్నెండు దాటిన రెండు నిమిషాలకు అమావాస్య ముగిసి కొత్త నెల మొదలైంది. తర్వాతి అమావాస్య ఆగస్టు 16 మధ్యాహ్నం ముగిసింది. సింహ సంక్రాంతి ఆగస్టు 17న వచ్చింది. అంటే నెలకు ముందు రోజు ఒక సంక్రాంతి, నెల దాటిన మర్నాడు ఇంకో సంక్రాంతి, మధ్యలో ఏమీ లేదు. అందుకే ఆ ఏడు అధిక శ్రావణం, నిజ శ్రావణం అని రెండు వచ్చాయి. మన పక్కింటి వారు వరలక్ష్మీ వ్రతానికి ఆగస్టు 25 దాకా ఆగింది ఇందుకే. శ్రావణం తర్వాత వచ్చే పండుగలన్నీ ఒక నెల ముందుకు జరిగాయి. 11 రోజులు వెనక్కి రావలసిన దీపావళికి 30 రోజులు కలిశాయి. 30లో 11 పోగా 19. పిల్లలు వేలు పెట్టి చూపించిన 19 అదే.

ఈస్టర్‌ది వేరే దారి. క్రీ.శ. 325లో నైసియా నగరంలో జరిగిన క్రైస్తవ పెద్దల సభ దీని మీద ఒక కట్టుబాటు కోరింది. తర్వాత స్థిరపడిన నియమం ప్రకారం మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. కాబట్టి అది మార్చి 22కు ముందు, ఏప్రిల్ 25కు తర్వాత రానే రాదు. దానికి రెండు రోజుల ముందు శుక్రవారమే గుడ్ ఫ్రైడే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చర్చి చూసే పౌర్ణమి ఆకాశంలోది కాదు, పట్టికలోది. పందొమ్మిది సౌర సంవత్సరాలకూ 235 చాంద్రమాన మాసాలకూ రోజులు దాదాపు సమానం. ఆ చుట్టు మీద పట్టిక వేసుకున్నారు. మన పంచాంగంలో కూడా 19 ఏళ్ళకు ఏడు అధిక మాసాలు వస్తాయి. పన్నెండు పందొమ్ముదులు 228, ఏడు కలిపితే 235. ఎక్కడి రోమ్, ఎక్కడి రాజమండ్రి! లెక్క మాత్రం ఒక్కటే.

పట్టిక, ఆకాశం ఒక్కోసారి పొసగవు. 2019లో మార్చి 21న హోలీ జరిగింది. ఆ ఉదయమే నిజమైన పౌర్ణమి ఘడియ. ఆకాశాన్ని చూస్తే ఈస్టర్ మార్చి 24న రావాలి. పట్టికలో ఆ పౌర్ణమి మార్చి 20న ఉంది, గీతకు ఒక్క రోజు ఇవతల. దాంతో తర్వాతి పౌర్ణమి దాకా ఆగి ఏప్రిల్ 21న ఈస్టర్ చేసుకున్నారు. పట్టికతో వచ్చే లాభం కూడా ఇందులోనే ఉంది. మబ్బు పట్టినా, పట్టకపోయినా వందేళ్ళ తర్వాతి ఈస్టర్‌ను ఈరోజే చెప్పవచ్చు.

ఈ మూడు లెక్కలూ ఒకే చంద్రుడి మీద ఎలా నడుస్తాయో చూపడానికి 2025 అచ్చంగా పాఠం కోసమే వచ్చినట్టుంటుంది. మార్చి 29, శనివారం సాయంత్రం నాలుగున్నరకు అమావాస్య ఘడియ. ఆదివారం సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉంది గనుక ఆ రోజు ఉగాది. శనివారం సాయంత్రం మన దేశంలో చంద్రుడి వయసు రెండు గంటలే, చూసే ప్రశ్నే లేదు. ఆదివారం సాయంత్రానికి ఇరవై ఆరు గంటలు నిండాయి. అది రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు. నెలవంక కనిపించింది. సోమవారం, మార్చి 31న ఈద్. అదే చంద్రుడు పెరిగి ఏప్రిల్ 13 తెల్లవారుజామున నిండు పున్నమి అయ్యాడు. పట్టిక కూడా ఆ తేదీనే చెబుతుంది. కానీ ఆ రోజు ఆదివారం. పౌర్ణమి ఆదివారం పడితే ఈస్టర్ తర్వాతి ఆదివారానికి పోతుంది. అందుకే ఏప్రిల్ 20. ఇక ఆ ఉగాది నుంచి ఏడు అమావాస్యలు లెక్కపెడితే ఆశ్వయుజ అమావాస్య. అది అక్టోబరు 20 మధ్యాహ్నం మొదలై, 21 సాయంత్రం ఆరుకు కాస్త ముందు ముగిసింది. దీపాల వేళకు అమావాస్య ఉండాలని నియమం. ఇరవయ్యో తేదీ రాత్రంతా ఉంది. ఇరవై ఒకటిన పొద్దుగూకే వేళకే ముగిసిపోతోంది. ఎక్కువ మంది పంచాంగకర్తలు ఇరవయ్యో తేదీనే ఖాయం చేశారు. కొందరు ఒప్పుకోలేదు కూడా. కాబట్టి "నెలవంక తగువు" మనకే ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఈ 11 రోజుల సంగతి ఈ సంచిక చదివే దాతలకు నేరుగా తగిలే చోటు జకాత్. జకాత్ ఏడాది హిజ్రీ ఏడాది, 354 రోజులది. వ్యాపారుల పద్దులు మాత్రం మార్చి 31కి ముగుస్తాయి. ఏటా ఆ తేదీనే చూసుకుని రెండున్నర శాతం తీస్తే 33 ఏళ్ళలో 33 సార్లు ఇచ్చినట్టవుతుంది. ఆ కాలంలో గడిచిన హిజ్రీ ఏళ్ళు 34. ఒక ఏడాది జకాత్ మొత్తం మిగిలిపోతుంది. రంజాన్‌లో ఒక తేదీ పెట్టుకుని ఆ తేదీకే ఆస్తి లెక్క చూసుకోవడం అన్నిటికన్నా తేలిక. అలా కుదరక పద్దుల ఏడాదినే పట్టుకునే వారి కోసం శాతాన్ని 354 రోజుల నుంచి 365 రోజులకు పెంచి 2.577గా తీసుకునే పద్ధతి ఉంది. లక్ష రూపాయలకు రూ. 2,500 బదులు రూ. 2,577 తీయాలన్నమాట.