చివరి మాటలో చురక

పోయిన సంక్రాంతికి మన డిపార్ట్‌మెంట్ ముందు ముగ్గు వేస్తున్న స్నేహితురాలితో నేనన్నాను: "నీలాగ ముగ్గు ఇంకెవ్వరూ వెయ్య... కూడదు." చుట్టూ ఉన్నవాళ్లు పక్కున నవ్వారు. తను నవ్వలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మిగతావాళ్లు ఎందుకు నవ్వారో చూద్దాం.

"నీలాగ ఇంకెవ్వరూ" అని మొదలైతే పొగడ్తే వస్తుందని మనకు అలవాటు. అందుకే "వెయ్య" దాకా వినగానే "లేరు" అని మనసులోనే పూర్తి చేసేసుకుంటాం. తీరా "కూడదు" వినిపిస్తే వాక్యమంతా వెనక్కి వెళ్లి మళ్లీ అర్థం చేసుకోవాలి. తమాషా ఏమిటంటే, ముందున్న మాటల్లో ఒక్కటీ మార్చక్కర్లేదు. "నీలాగ" పొగడ్తకూ సరిపోయింది, తిట్టుకూ సరిపోయింది. జోకు పండేది అక్కడే. అదే "ముగ్గు చాలా అందంగా వేశావు, కోడి కెలికినట్టు" అన్నాననుకోండి, "అందంగా" అన్నది ఉత్త అబద్ధమైపోతుంది. వెటకారం మిగులుతుంది గానీ మలుపు ఉండదు.

అలంకారాల పాఠంలో చదువుకున్న వ్యాజస్తుతి ఇదేనా అని నాకూ అనుమానం వచ్చింది. కాదు. అందులో నింద పొగడ్త ముసుగులో చివరిదాకా ఉంటుంది, లోపలి అర్థం విన్నవాళ్లే పట్టుకోవాలి. ఇక్కడ చివరి మాటే ముసుగు లాగేస్తుంది.

మన భాషలో క్రియ చివర వస్తుంది, కాదు-కూడదులు కూడా దాని తోకకే అతుక్కుంటాయి. అందుకే గుట్టు అంతసేపు దాగుతుంది. మా నాన్న తమిళులు. ఆయనకు చెప్తే వెంటనే "పోడ ముడియాదు" అనాల్సిన చోట "పోడ కూడాదు" పెట్టి చూపించారు, చక్కగా కుదిరింది. ఇంగ్లీషులో "నోబడీ షుడ్" అంటూ రెండో మాటకే బయటపడిపోతుంది.

ఇంకో రకం మాట్లాడేటప్పుడే కుదురుతుంది. "నీ పాట విన్నానే. ప్రాణం లేచొచ్చింది, ఆపాక." క్రియ వచ్చేసింది కాబట్టి మాట అయిపోయిందనుకుంటాం, అప్పుడు తోక పడుతుంది. పుస్తకంలో రాసినట్టు "ఆపాక ప్రాణం లేచొచ్చింది" అంటే ఎవరూ నవ్వరు. ఆ తోక తర్వాత "అంటే బాలేదని" అని వివరించినా అంతే. చెప్పేవాళ్లు ముందే ముసిముసిగా నవ్వినా దొరికిపోతారు.

ఇప్పుడు నా స్నేహితురాలి సంగతి. "ఇంకెవ్వరూ" దగ్గరే తను తలెత్తి సంతోషంగా చూసింది. నేరుగా "బాలేదు" అనుంటే తిరిగి నన్ను నాలుగు తిట్టేది. కానీ పొగడ్తను అందరి ముందూ అందుకున్నాక నేను దాన్ని లాగేసుకున్నాను. మిగతావాళ్లు మోసపోయింది ఒక వాక్యంలో, తను మోసపోయింది నా దగ్గర. రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ వ్యాసం గోడకు అంటించే ముందు తనకే చూపించాను. శ్రద్ధగా చదివి "భలే ఉందే" అంది. హమ్మయ్య అనుకున్నాను.

"చేతిరాత" అంది.